పెళ్లి వీడియోకు మాట ఎందుకు పడిపోయింది?

పెళ్లయి నెల తిరిగేసరికి స్టూడియో వాళ్లు డ్రైవ్ లింకు పంపుతారు. ఎడిట్ చేసిన వీడియోతో పాటు, అడిగిన వాళ్లకు కెమెరాలోంచి తీసిన అసలు క్లిప్పులు కూడా అందులో పెడతారు. డాలస్‌లో ఉన్న పెదనాన్నగారబ్బాయి రాత్రంతా ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచి వాటిని దించుకుంటాడు. ఫోన్‌లో తెరిస్తే జీలకర్ర బెల్లం పెట్టడం కనిపిస్తుంది, మేళం వినిపించదు. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే మేళం వినిపిస్తుంది కానీ తలంబ్రాలు గాల్లో ఆగి ఆగి పడతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే ఫైలే తెరుచుకోదు. ‘లింకు పాడైనట్టుంది, మళ్లీ పంపమనండి బాబాయ్’ అని కుటుంబం గ్రూపులో మెసేజ్ పడుతుంది. స్టూడియో కుర్రాడేమో ‘మా సిస్టమ్‌లో బాగానే వస్తోందండీ’ అంటాడు. ఇద్దరిదీ నిజమే.

దించుకోవడంలో ఫైలు పాడవడం అరుదు. డ్రైవ్‌లో చూపించిన సైజూ, మన దగ్గరికి వచ్చిన ఫైలు సైజూ ఒకటే అయితే సాధారణంగా ఫైలు క్షేమంగానే ఉన్నట్టు లెక్క. మళ్లీ దించుకున్నా అదే మూగ ఫైలు వస్తుంది. తేడా ఉన్నది ఆ ఫైలును చదవాల్సిన ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, టీవీలో.

ఎంపీ4, ఎంకేవీ అని ఫైలు పేరు చివర కనిపించేది టిఫిన్ క్యారేజీ లాంటిది. అందులో ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో శబ్దం, ఒక్కోసారి మూడో గిన్నెలో సబ్‌టైటిళ్లు ఉంటాయి. క్యారేజీని బయటి నుంచి చూసి లోపల ఏ కూర ఉందో ఎలా చెప్పలేమో, ఎంపీ4 అన్న పేరు చూసి లోపలి బొమ్మను, శబ్దాన్ని ఏ పద్ధతిలో కుదించారో అలాగే చెప్పలేం. ఆ కుదించే, విప్పే పద్ధతినే కోడెక్ అంటారు. బొమ్మ కోడెక్ వేరు, శబ్దం కోడెక్ వేరు. ఫోనుకు ఒకటి తెలిసి ఇంకొకటి తెలియకపోతే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. ‘మా టీవీ ఎంపీ4 ఆడుతుంది’ అని షాపువాడు చెప్పిన మాటకు అందుకే పెద్ద అర్థం లేదు.

కుదించకుండా ఎందుకు ఉంచరని అడగొచ్చు. 4కే బొమ్మ ఒక్కో ఫ్రేములో 3840 అడ్డంగా, 2160 నిలువుగా, మొత్తం సుమారు 83 లక్షల చుక్కలుంటాయి. సెకనుకు 50 ఫ్రేములు, చుక్కకు మూడు బైట్లు అనుకుంటే ఒక్క సెకనుకే దాదాపు 1.2 జీబీ. మంగళసూత్రధారణ పూర్తయ్యేసరికి హార్డ్‌డిస్కు నిండిపోతుంది. అందుకే కోడెక్ ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో మారినదాన్ని మాత్రమే రాసుకుంటుంది. చూసేటప్పుడు ఆ రాతల నుంచి ప్రతి ఫ్రేమునూ తిరిగి కట్టాలి. మన పరికరం తడబడేది ఈ కట్టే పని దగ్గరే.

ఊహాగానాలు మానేసి ముందు ఫైలు లోపల ఏముందో చూడాలి. దీనికి MediaInfo అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఫైలును దానిలో తెరిస్తే పూర్తి జాతకం చెబుతుంది. వీఎల్‌సీ ప్లేయర్ ఉన్నవాళ్లు వీడియో నడుస్తుండగా Ctrl+J నొక్కినా చాలావరకు తెలుస్తుంది. మన పెళ్లి క్లిప్పు పేరు C0012.MP4 అనుకుందాం. సోనీ కెమెరాలు ఇలాంటి పేర్లు పెడతాయి, మన పెళ్లిళ్లలోనూ అవి మామూలే. దాన్ని తెరిస్తే కనిపించే వాటిలో మనకు పనికొచ్చే ముక్కలివి:

```
Video
Format             : HEVC
Width x Height     : 3840 x 2160
Frame rate         : 50.000 FPS
Bit rate           : 200 Mb/s
Chroma subsampling : 4:2:2
Bit depth          : 10 bits

Audio
Format             : PCM
Bit rate           : 1 536 kb/s
```

రెండు రోగాలూ ఇక్కడే బయటపడ్డాయి. ముందు శబ్దం సంగతి చూద్దాం, అది తేలిక.

పీసీఎం అంటే అసలు కుదించని శబ్దం. సెకనుకు 48,000 సార్లు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో, ఎడమకొకటి కుడికొకటి రాస్తారు. గుణిస్తే సెకనుకు 15,36,000 బిట్లు, అంటే పైన కనిపించిన 1,536 సరిగ్గా అదే. ఎడిటింగు చేసేవాళ్లకు ఇది బంగారం. నాదస్వరం ఎక్కడా అరగకుండా ఉంటుంది. కానీ ఎంపీ4లో ఏఏసీ అనే కుదించిన శబ్దం ఉంటుందని ఫోన్లు అలవాటు పడ్డాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సొంత ప్లేయర్లు ఎంపీ4లో పీసీఎం కనిపిస్తే ఏ హెచ్చరికా లేకుండా దాన్ని వదిలేసి బొమ్మ మాత్రం చూపిస్తాయి. అదే ఫోన్‌లో వీఎల్‌సీ వేసి తెరవండి, మేళం మోగుతుంది. వీఎల్‌సీ ఫోను తెలివి మీద ఆధారపడదు, దాదాపు అన్ని కోడెక్‌లనూ విప్పే సరంజామా తనతోనే తెచ్చుకుంటుంది. కాబట్టి ఎవరైనా ‘సౌండు రావట్లేదు’ అంటే నేను మొదట చెప్పేది వీఎల్‌సీలో చూడమనే. అందులో వస్తే ఫైలు బాగున్నట్టు. అందులోనూ రాకపోతే MediaInfo చూడాలి. అక్కడ Audio అన్న భాగమే లేకపోతే ఆ ఫైలులో శబ్దమే లేదు, ఏ మార్పిడీ దాన్ని పుట్టించలేదు. కొన్ని వీడియో సైట్లు బొమ్మనూ శబ్దాన్నీ వేర్వేరు ఫైళ్లుగా ఉంచుతాయి. దించుకునే సాధనం రెండోదాన్ని తెచ్చి అతికించకపోతే జరిగేది ఇదే.

సినిమాల దగ్గర ఇదే కథ ఇంకో రూపంలో నడుస్తుంది. సొంత బ్లూరే డిస్కు నుంచి తీసి పెట్టుకున్న ఎంకేవీ ఫైలు టీవీలో బొమ్మ చూపించి, ‘ఈ ఆడియో ఫార్మాట్‌కు సపోర్టు లేదు’ అంటుంది. లోపల ఉన్నది చాలాసార్లు డీటీఎస్ అయి ఉంటుంది. ఇక్కడ కారణం తెలివితక్కువతనం కాదు, లైసెన్సు. డీటీఎస్‌ను విప్పే హక్కుకు టీవీ తయారీదారు డబ్బు కట్టాలి. శామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి ఆ సౌకర్యాన్ని తీసేసింది. అందుకే 2016 నాటి పాత టీవీలో మోగిన సినిమా, దానికంటే ఖరీదు పెట్టి కొన్న కొత్త టీవీలో మూగబోతుంది. కొత్తది పాతదానికంటే అన్నీ ఎక్కువే చేస్తుందన్న మన నమ్మకం ఇక్కడ పనిచేయదు.

శబ్దం ఒక్కటే దోషమైతే బొమ్మను ముట్టుకోకూడదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో జనం ఎక్కువగా తప్పేది ఇక్కడే. ‘వీడియో కన్వర్టర్’ అని వెతికి ఏదో ఒకటి దించుకుని, రెండు గంటల సినిమాను అయిదు గంటలసేపు మార్పిడి చేస్తారు. చివరికి శబ్దం వస్తుంది, బొమ్మ మసకబారుతుంది. ఒకసారి కుదించినదాన్ని విప్పి మళ్లీ కుదిస్తే నాణ్యత తప్పక కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. కంప్యూటరు మీద ఆదేశాలు రాయడానికి జంకని వాళ్లకు ffmpeg అనే ఉచిత సాధనం ఉంది. డీటీఎస్ సినిమాకు ఒక్క వరుస చాలు:

```
ffmpeg -i cinema.mkv -c:v copy -c:a aac -b:a 256k -ac 2 cinema-tv.mkv
```

ఇందులో కీలకం `-c:v copy`. బొమ్మను విప్పకుండా ఉన్నదున్నట్టు కొత్త ఫైలులోకి ఎత్తిపెట్టమని దానర్థం. శబ్దాన్ని మాత్రం ఏఏసీలోకి మారుస్తుంది. `-ac 2` అయిదారు స్పీకర్ల శబ్దాన్ని టీవీకి ఉన్న రెండు స్పీకర్లకు సర్దుతుంది. బొమ్మకు ఏ నష్టమూ లేదు. గంటల పని మామూలు ల్యాప్‌టాప్‌లో నిమిషాలలో అయిపోతుంది, ఎందుకంటే బరువైన భాగాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆదేశాలంటే భయపడేవాళ్లు ఎక్కువగా వాడే హ్యాండ్‌బ్రేక్ మంచి ప్రోగ్రామే గానీ ఈ పని చేయలేదు. అది బొమ్మను ఎప్పుడూ మళ్లీ కుదిస్తుంది.

ఇక తడబాటు. సెకనుకు 50 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమును విప్పడానికి ఉన్న గడువు 20 మిల్లీసెకన్లు. గడువులోపల కట్టలేకపోయిన ఫ్రేమును ప్లేయర్ పారేస్తుంది, లేకపోతే శబ్దం ముందుకు పోయి బొమ్మ వెనకబడుతుంది. పారేసిన ఫ్రేములే మనకు తలంబ్రాలు ఆగి ఆగి పడటంగా కనిపించేది. వీఎల్‌సీలో Ctrl+J నొక్కి Statistics అన్న భాగం చూస్తే పోగొట్టుకున్న ఫ్రేముల లెక్క కళ్లముందే పెరుగుతుంటుంది.

అయితే నింద కోడెక్ మీద వేసే ముందు పెన్‌డ్రైవ్‌ను అనుమానించాలి. మన క్లిప్పు సెకనుకు 200 మెగాబిట్లు, అంటే సెకనుకు 25 మెగాబైట్లు, నిమిషానికి ఒకటిన్నర జీబీ. పాత యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్‌లు చాలావాటికి ఆ వేగంతో అందించడమే గగనం. ఫైలును కంప్యూటరు సొంత డిస్కులోకి కాపీ చేసి ఆడించండి. అప్పుడు సాఫీగా నడిస్తే దోషం పెన్‌డ్రైవ్‌ది. పనిలో పని ఇంకో మాట: ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు అసలు పట్టదు. ఈ క్లిప్పు మూడు నిమిషాలకే ఆ హద్దు దాటుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవాలి, దాన్ని మీ టీవీ చదువుతుందో లేదో చూసుకుని.

సొంత డిస్కులోనూ తడబడితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి Performance కింద GPU చూడాలి. అక్కడ Video Decode అనే గీత ఉంటుంది. వీడియో ఆడుతున్నా ఆ గీత నేలకు అంటుకునే ఉండి, పైన CPU నూటికి తొంభై దాటిపోతుంటే విషయం తేలిపోయినట్టే. వీడియోను విప్పడానికని చిప్‌లో ప్రత్యేకంగా చెక్కిన సర్క్యూట్ ఈ ఫైలును ముట్టుకోలేదు. మొత్తం భారం మామూలు ప్రాసెసర్ మీద పడింది, అది 20 మిల్లీసెకన్ల గడువును అందుకోలేకపోతోంది.

సర్క్యూట్ ఎందుకు ముట్టుకోలేదు? హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265, 2013లో వచ్చింది. ఇవాళ్టి 4కే టీవీలు, ఫోన్లు దాదాపు అన్నీ దాన్ని విప్పగలవు. పది బిట్ల లోతు కూడా వాటికి కొత్త కాదు, హెచ్‌డీఆర్ బొమ్మలన్నీ పది బిట్లవే. చిక్కంతా 4:2:2 అన్న చిన్న అంకెలో ఉంది. మన కన్ను వెలుగునీడలను పట్టినంత సూక్ష్మంగా రంగును పట్టదు. అందుకని వెలుతురును ప్రతి చుక్కకూ రాసి, రంగును కొన్ని చుక్కలకు కలిపి ఒకసారే రాస్తారు. నాలుగు చుక్కల చదరానికి ఒక రంగు రాస్తే 4:2:0, పక్కపక్కన ఉన్న రెండు చుక్కలకు ఒక రంగు రాస్తే 4:2:2. సినిమా డిస్కులు, ఓటీటీలు, యూట్యూబ్ అన్నీ 4:2:0లోనే ఉంటాయి. టీవీలో, ఫోన్‌లో చిప్‌ను చెక్కింది ఆ సరుకు కోసమే. 4:2:2 అనేది స్టూడియోలో రంగులు దిద్దుకునేవాళ్ల కోసం కెమెరా ఇచ్చే అదనపు వెసులుబాటు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు, ఆపిల్ ఎం1, ఆ తర్వాతవి హెచ్.265లో దీన్ని సర్క్యూట్‌తోనే విప్పుతాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకు ఆ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతో గానీ రాలేదు. స్టూడియో కుర్రాడి సిస్టమ్‌లో సాఫీగా నడవడానికీ, లక్షన్నర పెట్టి కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లో కుంటడానికీ కారణం ఇలాంటిదే. ఖరీదుకూ దీనికీ సంబంధం లేదు.

హెచ్.264 సంగతి దీనికి తలకిందులు. 2003 నాటి ఆ కోడెక్‌ను ఎనిమిది బిట్లలో దాదాపు ప్రతి పరికరమూ విప్పుతుంది. అదే పది బిట్లయితే ఇవాళ్టి చాలా టీవీలు, ఫోన్లు నీళ్లు నములుతాయి. కాబట్టి ‘పది బిట్లు’ అన్న ఒక్క మాట చూసి మంచిదనో చెడ్డదనో అనుకోకూడదు, దాని పక్కన ఏ కోడెక్ ఉందో చూడాలి.

మన క్లిప్పుకు ఇప్పుడు బొమ్మను మళ్లీ కుదించక తప్పదు. తాతయ్య ఇంట్లోని పాత టీవీ నుంచి డాలస్‌లోని ఫోను దాకా ఎక్కడైనా నడవాలంటే నేను హెచ్.264, ఎనిమిది బిట్లు, 4:2:0, ఫుల్ హెచ్‌డీ ఎంచుకుంటాను. 4కే పోతుందని బాధపడే వాళ్లుంటారు. కూర్చునే చోటి నుంచి నలభై మూడు అంగుళాల టీవీలో ఆ తేడా పట్టుకోగలిగిన బంధువు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

```
ffmpeg -i C0012.MP4 -vf scale=1920:1080,fps=25 -c:v libx264 -crf 20 -pix_fmt yuv420p -c:a aac -b:a 192k pelli.mp4
```

`-pix_fmt yuv420p` ఉన్నది ఎనిమిది బిట్ల 4:2:0లోకి దించడానికి. అది మర్చిపోతే ffmpeg మూలంలో ఉన్న పది బిట్ల 4:2:2నే హెచ్.264లో పెట్టి ఇస్తుంది. పేరుకు హెచ్.264 అయినా మళ్లీ ఏ టీవీలోనూ నడవదు, మనం కోడెక్‌ను తిట్టుకుంటాం. `-crf 20` నాణ్యత కొలత. అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగు, ఫైలు పెద్దది. 18కీ 23కీ మధ్య ఎక్కడ పెట్టినా ఇంట్లో చూసుకోవడానికి బాగుంటుంది. శబ్దం 1,536 నుంచి 192కు, ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. టీవీ స్పీకర్లలో ఆ తేడా వినిపించదు.

`fps=25` దగ్గర కాస్త ఆగాలి. 50 ఫ్రేములను 25 చేయడమంటే ఒకటి విడిచి ఒకటి తీసుకోవడం, కదలిక సమంగానే ఉంటుంది. దాన్ని 30 చేస్తే అయిదింటిలో మూడే ఉంచాలి. ఒకచోట ఒకటి పోతుంది, ఇంకోచోట పోదు. అప్పుడు ఎంత బలమైన కంప్యూటరులో ఆడించినా ఊరేగింపు కారు కుదుపులతోనే కదులుతుంది. తడబాటు ఫైలులోనే ముద్రపడిపోయింది మరి. హ్యాండ్‌బ్రేక్ వాడేవాళ్లు Fast 1080p30 అనే ప్రీసెట్ నొక్కితే సరిగ్గా ఈ గోతిలోనే పడతారు. ఫ్రేముల పెట్టెలో 25 గానీ, Same as source గానీ ఎంచుకోవాలి. తడబాటు పోగొట్టడానికని మార్పిడి చేసి కొత్త తడబాటు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువమంది.

మార్చిన తర్వాత ఒక్క క్లిప్పునే ముందు ఫోన్‌లో, టీవీలో చూసుకుని, బాగుందనిపించాకే మిగతావాటి మీద పడండి. రంగులు వెలిసిపోయి బూడిదబూడిదగా కనిపిస్తే కంగారుపడొద్దు. స్టూడియో వాళ్లు తర్వాత రంగులు దిద్దుకునేందుకు కావాలనే అలా తీస్తారు, దానికి కోడెక్ మందు కాదు. ‘కోడెక్ ప్యాక్’ అని ఎక్కడపడితే అక్కడ దొరికే ప్రోగ్రాములను మాత్రం ఎక్కించుకోవద్దు. వీఎల్‌సీ ఉండగా వాటి అవసరం లేదు, వాటి వెంట ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. పైగా ఏ ప్యాకూ చిప్‌లో లేని సర్క్యూట్‌ను తెచ్చిపెట్టలేదు.

ఇదంతా మీరు చేయనక్కర్లేని దారి కూడా ఉంది. పెళ్లి వీడియోకు అడ్వాన్సు ఇచ్చే రోజునే స్టూడియోకు ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: ‘ఎడిట్ చేసిన వీడియో ఎంపీ4లో, హెచ్.264, ఎనిమిది బిట్లు, 4:2:0, శబ్దం ఏఏసీ స్టీరియోలో ఇవ్వండి. అసలు క్లిప్పులు విడిగా హార్డ్‌డిస్కులో ఇవ్వండి.’ ఎడిటింగు సాఫ్ట్‌వేరులో వాళ్లకు అది రెండు మూడు క్లిక్కుల పని. ఆ హార్డ్‌డిస్కులోని అసలు క్లిప్పులను మాత్రం, మార్చిన కాపీలు ఎంత బాగా వచ్చినా సరే, చెరిపేయకండి.